‘ఫ్రీ స్టే ఇస్తారా?’ అన్న మెసేజ్‌కి జవాబు ఎలా రాయాలి

వర్షాలు తగ్గి అరకు లోయలో వలిసె పూలు విరగబూసే రోజుల్లో అక్కడి హోమ్‌స్టేలకూ రిసార్టులకూ రెండు రకాల మెసేజ్‌లు వస్తుంటాయి. శనివారం గది ఖాళీ ఉందా అని అడిగేది ఒకటి. రెండోది కాస్త పొడుగ్గా, ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘నమస్తే అండీ, నేను ట్రావెల్ బ్లాగర్‌ని. ఇన్‌స్టాగ్రామ్‌లో 64 వేల మంది ఫాలోవర్లున్నారు. డిసెంబరులో అరకు వస్తున్నాం. ఇద్దరికి మూడు రాత్రుల కాంప్లిమెంటరీ స్టే, భోజనాలు ఇస్తే మీ ప్రాపర్టీ మీద రీల్స్, స్టోరీలు, బ్లాగ్ పోస్టు పెడతాను. కొలాబ్‌కి ఆసక్తి ఉంటే చెప్పండి.’

ఇలా అడగడంలో తప్పు లేదు. డబ్బు చేతులు మారని వ్యాపారం ఇది. ఒకరు గది ఇస్తారు, మరొకరు ప్రచారం ఇస్తారు. చిక్కంతా ఆ మెసేజ్‌లో లేని వివరాలతోనే వస్తుంది. రీల్స్ అంటే ఎన్ని? ఎన్నాళ్లలో పెడతారు? భోజనాలంటే మూడు పూటలా, బొంగులో చికెన్ కూడానా? ఆ ఫొటోలను తర్వాత హోమ్‌స్టే వాళ్లు వాడుకోవచ్చా? యజమాని మొహమాటానికో తొందరలోనో ‘సరే, రండి’ అని జవాబు పెడితే ఈ ప్రశ్నలన్నీ అలాగే ఉండిపోతాయి. బ్లాగర్ వచ్చి, ఉండి, నాలుగు స్టోరీలు పెట్టి వెళ్తారు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటలకల్లా మాయమవుతుంది. నెల తర్వాత ‘పోస్టులు పెడతానన్నారు కదా?’ అని యజమాని అడిగితే, ‘పెట్టానుగా!’ అని అటునుంచి సమాధానం వస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ముందు ఎవరూ ఏదీ రాసుకోలేదు, అంతే.

జవాబు మరీ ఘాటుగా ఉంటే ఏమవుతుందో 2018 జనవరిలో ఐర్లాండు రాజధాని డబ్లిన్‌లో లోకమంతా చూసింది. యూట్యూబ్‌లో ఎనభై వేలకు పైగా సబ్‌స్క్రైబర్లున్న ఒక బ్రిటిష్ యువతి, ప్రేమికుల రోజు దగ్గర పడుతుండగా అక్కడి చార్లెవిల్ లాడ్జ్‌కి మెయిల్ రాసింది. తనకూ తన స్నేహితుడికీ ఉచితంగా బస ఇస్తే వీడియోల్లో చూపిస్తానంది. ఆ లాడ్జినీ, దానికి అనుబంధమైన వైట్ మూస్ కెఫేనీ నడిపే పాల్ స్టెన్సన్ ఆమెకు విడిగా జవాబివ్వలేదు. ఆమె మెయిల్‌ని పేరు కొట్టేసి ఫేస్‌బుక్‌లో పెట్టి, గది శుభ్రం చేసేవాళ్లకూ వడ్డించేవాళ్లకూ జీతాలు ఎవరిస్తారని నిలదీశారు. పేరు లేకపోయినా ఆమె ఎవరో జనం పట్టేశారు. తనను తిట్టిపోస్తున్నారంటూ ఆమె కన్నీళ్లతో వీడియో పెట్టింది. ఇటు హోటల్ పేజీకి చెడ్డ రేటింగులు వచ్చాయి. ఆ గొడవతో తమకు బోలెడంత ప్రచారం దక్కిందని స్టెన్సన్ చెప్పుకున్నా, అది అందరికీ పనికొచ్చే దారి కాదు. ఐదు గదుల హోమ్‌స్టే ఆ దుమారాన్ని తట్టుకోలేదు. పైగా ఆయన వేసిన ప్రశ్న న్యాయమైనదే. దాన్ని వీధిలో అరవకుండా జవాబులోనే షరతులుగా రాస్తే సరిపోయేది.

ఉచిత గది ఖరీదెంత?

జవాబు రాయడానికి ముందు యజమాని చేయాల్సిన లెక్క ఒకటుంది. అరకులో ఐదు గదుల హోమ్‌స్టే ఉందనుకుందాం. గది అద్దె రాత్రికి 4,000 రూపాయలు. ఇద్దరు మనిషులు రెండు రాత్రులుంటే టిఫిన్, రాత్రి భోజనం సరుకులకు 1,200, దుప్పట్ల ఉతుకు, కరెంటు, గీజరు, శుభ్రం చేసే మనిషి కూలీ అన్నీ కలిపి మరో 800 అవుతాయనుకుందాం. మంగళ, బుధవారాల్లో ఎలాగూ ఖాళీగా ఉండే గదిని ఇస్తే ఆ 2,000 రూపాయలే అసలు ఖర్చు. అదే గదిని డిసెంబరు శని, ఆదివారాల్లో ఇస్తే, డబ్బు చెల్లించి దిగే కుటుంబాన్ని వెనక్కి పంపాల్సి వస్తుంది. అప్పుడు 2,000 కాస్తా పదివేలవుతుంది.

అందుకే బేరంలో మొదట తేల్చుకోవాల్సింది తేదీలు. సీజన్లో వారాంతాలు, సంక్రాంతి సెలవులు, కొత్త సంవత్సరం ముందూ వెనకా వచ్చే రోజులు ఇవ్వలేమని ముందే చెప్పాలి. దానివల్ల బ్లాగర్‌కీ మేలే. జనం లేని రోజున గది, తోట, వంటిల్లు తీరిగ్గా షూట్ చేసుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది వాళ్ల ప్రచారం విలువ. ఫాలోవర్ల సంఖ్య కంటే ఆ ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లన్నది ముఖ్యం. అరకుకు ఎక్కువగా వచ్చేది విశాఖపట్నం, హైదరాబాద్, విజయవాడ జనం, ఒడిశా, బెంగాల్ పర్యాటకులు. చూసేవాళ్లలో ఎక్కువమంది ఈ ఊళ్లవాళ్లయితే 20 వేల ఫాలోవర్లున్న ఖాతా అయినా పనికొస్తుంది. ఎక్కడెక్కడివాళ్లో అయితే రెండు లక్షలున్నా గది నిండదు. ఈ సమాచారం ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాలో ‘ఇన్‌సైట్స్’ కింద కనిపిస్తుంది. గత 30 రోజుల్లో ఎన్ని ఖాతాలకు చేరింది, చూసేవాళ్లు ఏ నగరాలవాళ్లు అన్నది చూపించే స్క్రీన్ రికార్డింగ్ అడగాలి. స్క్రీన్‌షాట్ మీద అంకెలు మార్చడం తేలిక, వేలితో జరుపుతూ తీసిన రికార్డింగ్‌లో మార్చడం కష్టం. నిజంగా ఈ పని మీద బతికే బ్లాగర్లు అడగ్గానే పంపుతారు.

ఖాతాలోని దొంగ లెక్కల్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. 64 వేల ఫాలోవర్లున్న ఖాతాలో వరసగా పది రీల్స్‌కి ఒక్కోదానికి వెయ్యి వ్యూస్ కూడా రాకపోతే అనుమానించాలి. కామెంట్లన్నీ ‘సూపర్’, ‘నైస్’, నిప్పు బొమ్మలేనా, ‘ధర ఎంత?’, ‘కారు లోపలిదాకా వస్తుందా?’ లాంటి ప్రశ్నలు కూడా ఉన్నాయా అన్నది చూడాలి. డబ్బు పెట్టి గది తీసుకునేవాళ్లు అడిగేవి ఆ రెండో రకం ప్రశ్నలే. వాటికి బ్లాగర్ జవాబిస్తున్నారో లేదో కూడా గమనించాలి.

జవాబు

ఇవన్నీ చూశాక ఖాతా నచ్చిందనుకుందాం. జవాబు ఇలా రాయొచ్చు:

‘నమస్కారం అండీ. మా హోమ్‌స్టే గురించి రాయాలనుకున్నందుకు సంతోషం. మీ వీడియోలు చూశాం, ముఖ్యంగా చిన్న వసతి గృహాల మీద మీరు చేసినవి మాకు నచ్చాయి. డిసెంబరు వారాంతాల్లో మాకు గదులుండవు. మంగళవారం మధ్యాహ్నం నుంచి గురువారం ఉదయం వరకు, ఇద్దరికి రెండు రాత్రుల బస ఇవ్వగలం. షరతులు ఇవీ:

మేమిచ్చేది: ఒక గది, రెండు రోజులూ టిఫిన్, రాత్రి భోజనం. బొంగులో చికెన్, క్యాంప్‌ఫైర్, కారు, బొర్రా గుహల టికెట్లు వంటివి కావాలంటే మామూలు ధరకు ఇస్తాం. ఈ బసకు మా మామూలు ధర 8,000 రూపాయలు, భోజనాలతో కలిపి 10,400.

మీరిచ్చేది: 30 సెకన్లకు తగ్గని రీల్ ఒకటి, మా ఖాతాతో కలిపి కొలాబ్ పోస్టుగా. బసలో ఉండగా ఐదు స్టోరీలు, మా ఖాతాను ట్యాగ్ చేసి, ప్రొఫైల్‌లో హైలైట్‌గా 90 రోజులు ఉంచాలి. మీ బ్లాగులో 800 పదాలకు తగ్గని వ్యాసం ఒకటి. రీల్, వ్యాసం మీరు గది ఖాళీ చేసిన 21 రోజుల్లోగా రావాలి, కనీసం ఏడాది పాటు తీసేయకూడదు.

ఫొటోలు: మీరు తీసిన పది ఫొటోల్ని మీ పేరు వేసి మా వెబ్‌సైట్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏడాది పాటు వాడుకుంటాం. డబ్బు కట్టి వేయించే ప్రకటనల్లో వాడాలంటే మిమ్మల్ని విడిగా అడుగుతాం. హక్కులు మీవే.

వెల్లడి: బస ఉచితమని ప్రతి పోస్టులో, వీడియోలో కనిపించేలా, వినిపించేలా చెప్పాలి. వ్యాసంలో మా సైట్‌కి లింకు ఇస్తే దాన్ని స్పాన్సర్డ్‌గా గుర్తించాలి.

అభిప్రాయం: మీకు ఏమనిపిస్తే అది రాయండి. ముందుగా మాకు చూపించనక్కర్లేదు. ధర, దూరం, సదుపాయాల వంటి వివరాల్లో పొరపాటుంటే సరిచేయమని మాత్రం అడుగుతాం. గూగుల్‌లో, ట్రిప్‌అడ్వైజర్‌లో రివ్యూ రాయొద్దని మనవి.

మార్పులు: తేదీ మారాలంటే 7 రోజుల ముందు చెప్పండి. మేము రద్దు చేస్తే మరో తేదీ ఇస్తాం. చెప్పిన గడువులోగా పోస్టులు రాకపోతే గుర్తు చేసి మరో 10 రోజులు చూస్తాం. అప్పటికీ రాకపోతే 10,400 రూపాయల బిల్లు పంపుతాం.

ఇవి మీకు సమ్మతమైతే ‘‘ఒప్పుకుంటున్నాను’’ అని ఈ మెయిల్‌కే జవాబివ్వండి. మార్పులేమైనా కావాలంటే చెప్పండి, మాట్లాడుకుందాం. అందరిలాగే మీ ఇద్దరి గుర్తింపు కార్డులూ దిగేటప్పుడు కావాలి.’

దీనికి స్టాంపు పేపరు, లాయరు నోటీసు భాష అక్కర్లేదు. మెయిల్‌లో ఇరువైపులా ఒప్పుకున్న మాట రాతపూర్వక సాక్ష్యమే. ఫోన్లో మాట్లాడుకున్నా ఆఖరికి అంతా మెయిల్లోనే పెట్టుకోవాలి. ‘కనిపించకుండా పోయే మెసేజ్‌లు’ ఆన్‌లో ఉన్న చాట్‌లో పెట్టుకుంటే అవసరమైన రోజుకు ఆధారం మిగలదు.

బిల్లు పంపుతామన్న షరతు కొందరికి మొరటుగా అనిపిస్తుంది. ముందే చెప్పినందువల్ల అది మర్యాదే అవుతుంది. పని ఎగ్గొట్టే ఉద్దేశమున్నవాళ్లు ఆ వాక్యం దగ్గరే వెనక్కి తగ్గుతారు, మిగిలినవాళ్లు దాన్ని పట్టించుకోరు.

దాచకూడని మాట

వెల్లడి గురించిన షరతును యజమానులు తరచూ వదిలేస్తుంటారు. ‘ఉచితం అని చెప్తే నమ్మరేమో’ అన్న భయమే కారణం. కానీ మన దేశంలో అది ఎవరి ఇష్టానికీ వదిలిన విషయం కాదు. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ ఏఎస్‌సీఐ 2021 జూన్ 14 నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు అమలు చేస్తోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మరో మార్గదర్శిని విడుదల చేసింది. డబ్బు ముట్టకపోయినా సరే, ఉచిత వస్తువులు, ప్రయాణాలు, హోటల్ బసలు కూడా వెల్లడించాల్సిన ప్రయోజనాలే అని అందులో పేరుపెట్టి చెప్పింది.

ఎలా చెప్పాలన్నది కూడా అందులో ఉంది. ఫొటో అయితే ఫొటో మీదే కనిపించాలి. వీడియో అయితే కింద వివరణలో రాస్తే చాలదు, వీడియోలోనే కనిపించాలి, వినిపించాలి. ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య `#ad` అని ఇరికించడం కుదరదు. పోస్టు ఏ భాషలో ఉంటే వెల్లడీ ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో మాట్లాడే రీల్‌లో ‘ఈ హోమ్‌స్టే వాళ్లు మాకు ఉచితంగా బస ఇచ్చారు’ అని మొదట్లోనే ఒక్క మాట చెప్పి, తెర మీద ‘ప్రకటన’ అని పెడితే చూసేవాళ్లకు విషయం స్పష్టంగా తెలుస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ప్రకటన చేసినవాళ్ల మీదే కాదు, చేయించుకున్నవాళ్ల మీదా వేయొచ్చు.

బ్లాగులో ఇచ్చే లింకుకూ ఇలాంటి నియమమే ఉంది. ప్రతిఫలం పుచ్చుకుని ఇచ్చిన లింకును గుర్తించాలని గూగుల్ అడుగుతుంది. అందుకు 2019లో తెచ్చిన గుర్తు ఇది:

```
<a href="https://example.com" rel="sponsored">హోమ్‌స్టే</a>
```

ఈ గుర్తు పెట్టినా నొక్కినవాళ్లు సైట్‌కి మామూలుగానే వస్తారు. సెర్చ్ ర్యాంకు కోసం కొన్న లింకు అన్న నింద మాత్రం రెండు సైట్లకూ తప్పుతుంది.

రివ్యూ వద్దనడం చాలామందికి వింతగా ఉంటుంది. ఉచితంగా ఉన్న మనిషి ఐదు నక్షత్రాలు ఇస్తే లాభమే కదా అనుకుంటారు. ఉచిత సేవకో రాయితీకో బదులుగా రాసిన రివ్యూలను గూగుల్ మ్యాప్స్, ట్రిప్‌అడ్వైజర్ రెండూ నిషేధించాయి. అలాంటిది బయటపడితే తీసేస్తాయి, లిస్టింగ్ మీద చర్య తీసుకునే ప్రమాదమూ ఉంది. డబ్బిచ్చి ఉన్న అతిథులు ఏళ్ల తరబడి రాసిన మంచి మాటలున్న పేజీని ఒక్క రీల్ కోసం పణంగా పెట్టకూడదు.

మంచి మాత్రమే రాయాలన్న షరతు పెట్టకపోవడానికీ బలమైన కారణం ఉంది. పొగడ్తకు కొనుక్కున్న పోస్టు చూసి వచ్చిన కుటుంబానికి, చలికాలం తెల్లవారుజామున వేన్నీళ్లు అరగంట ఆగి వస్తే కోపం వస్తుంది. ఆ కోపం నేరుగా రివ్యూగా మారుతుంది. ‘వేన్నీళ్లకు కాస్త ఆగాలి, ఫోన్ సిగ్నల్ వరండాలోనే వస్తుంది’ అని బ్లాగరే ముందు చెప్తే, ఆ రెండూ తెలిసి ఒప్పుకున్నవాళ్లే వస్తారు. ఇలాంటి లోపాలున్నాయని యజమానే దిగిన రోజున బ్లాగర్‌కి చెప్పేయడం ఇంకా మంచిది.

పన్ను సంగతి

జవాబులో గది ధర రాయమనడం బిల్లు కోసం మాత్రమే కాదు. 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన టీడీఎస్ నియమం ప్రకారం, వ్యాపారంలోనో వృత్తిలోనో భాగంగా ఒకరికి ఇచ్చిన ఉచిత ప్రయోజనాల విలువ ఏడాదికి 20 వేల రూపాయలు దాటితే 10 శాతం పన్ను లెక్క చూపాలి. పై ఉదాహరణలో విలువ 10,400 కాబట్టి ఆ గీత దాటలేదు. బ్లాగర్ మొదట అడిగినట్టు మూడు రాత్రులు, అన్ని భోజనాలు ఇచ్చి, దానికి తోడు కారు కూడా ఇచ్చి ఉంటే దాటే అవకాశముండేది. ముందటి ఏడాది టర్నోవరు కోటి రూపాయలు మించని సొంత వ్యాపారులకు ఈ పన్ను మినహాయించే బాధ్యత లేదు. కంపెనీగానో భాగస్వామ్య సంస్థగానో నడిపే రిసార్టులకు ఆ వెసులుబాటు వర్తించదు. పెద్ద ప్యాకేజీ ఇచ్చే ముందు ఆడిటర్‌తో ఓసారి మాట్లాడుకోవాలి, జీఎస్‌టీ సంగతి కూడా అప్పుడే అడగొచ్చు. బ్లాగర్ విదేశీయులైతే, ఉచిత బస అయినా సరే, దిగిన 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి.

కుదరదని చెప్పాలంటే

వచ్చిన ప్రతి ప్రతిపాదనకూ ఒప్పుకోనక్కర్లేదు. ఖాతా నచ్చకపోయినా, తేదీలు కుదరకపోయినా మూడు నాలుగు వాక్యాలు చాలు: ‘నమస్కారం అండీ. మమ్మల్ని గుర్తు పెట్టుకుని రాసినందుకు సంతోషం. ఈ సీజన్లో కొలాబ్‌లు పెట్టుకోవడం లేదు. మీరు అరకు వస్తే మంగళ, బుధవారాల్లో గది అద్దెలో 20 శాతం తగ్గించి ఇవ్వగలం. ఆ తగ్గింపుకి పోస్టులేవీ పెట్టనక్కర్లేదు.’ ఫాలోవర్లు తక్కువని ఎత్తిపొడవడం, ఉచితంగా ఎందుకివ్వాలని వాదించడం వద్దు. ఈ జవాబు రేపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టినా హోమ్‌స్టే తలదించుకోవాల్సింది ఏమీ ఉండదు. అసలు జవాబే ఇవ్వకపోవడం కంటే కూడా ఇది నయం. జవాబు రానివాళ్లు రెండోసారి, మూడోసారి అడుగుతూనే ఉంటారు.

ఒప్పుకున్న బేరం ఫలించిందో లేదో తేల్చుకోవడానికి బ్లాగర్‌కి ఒక కోడ్ ఇవ్వాలి. ఉదాహరణకు `VALISE10` అని చెప్పి బుక్ చేసుకున్నవాళ్లకు 90 రోజుల పాటు 10 శాతం తగ్గింపు అని ప్రకటిస్తే, ఆ రీల్ చూసి ఎంతమంది వచ్చారో లెక్క తెలుస్తుంది. కోడ్ సంగతి మరిచిపోయేవాళ్లుంటారు కాబట్టి, గది అడిగిన ప్రతివాళ్లనూ ‘మా గురించి ఎక్కడ చూశారండీ?’ అని అడిగి రిజిస్టరులో ఒక గడిలో రాసుకోవాలి. పోస్టు పెట్టిన నెలకు రీల్ ఎంతమందికి చేరింది, ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమందికి పంచారు అన్న అంకెల్ని బ్లాగర్‌ని అడిగి తీసుకోవాలి. లైకుల కంటే సేవ్‌లూ షేర్లూ పర్యటనకు దగ్గర. ప్రయాణం పెట్టుకోవాలనుకునేవాళ్లే వీడియో దాచుకుంటారు, తోడొచ్చేవాళ్లకు పంపుతారు.

పై ఉదాహరణలో అసలు ఖర్చు 2,000 రూపాయలు. ఆ కోడ్‌తో ఒక కుటుంబం రెండు రాత్రులకు వచ్చినా, తగ్గింపు పోను 7,200 రూపాయల అద్దె వస్తుంది, పెట్టిన ఖర్చు తిరిగొచ్చినట్టే. మూడు నెలల్లో ఒక్కరూ రాకపోతే, వ్యాసం గూగుల్ వెతుకులాటలో కనిపిస్తోందో లేదో ఓసారి చూడాలి. రీల్ ఊపు కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది, మంచి బ్లాగ్ వ్యాసం మాత్రం మరుసటి సీజన్లో ‘అరకులో ఎక్కడ ఉండాలి’ అని వెతికేవాళ్లకు అందే అవకాశముంది. ఆ బ్లాగర్‌ని మళ్లీ పిలవాలా వద్దా అన్నది రెండు సీజన్ల రిజిస్టరు చూశాక నిర్ణయించుకోవచ్చు.